బాపు సైకిల్ ఫ్రేము: ఫోటో మీద గీసిన గొట్టాలు, 42 మిల్లీమీటర్ల తప్పు

మా బాపు పాత సైకిల్ ఫ్రేమును బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో అసలు కొలతలతో చేయాలని కూర్చున్నాను. 22 అంగుళాల ఫ్రేము, 28 × 1½ టైర్లు, రాడ్ బ్రేకులు, ముందు పై బార్. హనుమకొండ గల్లీల్లో పాలడబ్బాలతో ఇప్పటికీ తిరిగే రకమే. ఈ పనిలో గొట్టాలు గీయడానికి పట్టిన టైం చాలా తక్కువ. పక్క నుంచి తీసిన ఫోటో ఎక్కడ నిజం చెబుతుందో, ఎక్కడ చెప్పదో తేల్చుకోవడానికే ఎక్కువ పట్టింది. ఇదే పని పెట్టుకునేవాళ్లు నాలా మూడు వారాలు పోగొట్టుకోవద్దని రాస్తున్నాను.

వాడినవి: ఫోన్ (3x లెన్స్ ఉన్నది), టేపు, లేత్ షాపు నుంచి అడిగి తెచ్చిన వెర్నియర్, నవారు తాడు, సుద్దముక్క, గ్రాఫ్ పేపర్లు, బ్లెండర్.

## దశ 1: గల్లీలో తీసిన ఫోటో

మా గల్లీ వెడల్పు మూడు మీటర్లు కూడా లేదు. సైకిల్‌ను ఒక గోడ పక్కన నిలబెట్టి, ఎదుటి గోడకు వీపు ఆనించి ఫోటో తీశాను. లెన్స్ నుంచి సైకిల్ మధ్య తలానికి 2 మీటర్లు.

బ్లెండర్‌లో యూనిట్లు మిల్లీమీటర్లకు మార్చి, `Numpad 3` నొక్కి పక్క వ్యూలోకి వెళ్లి, `Shift+A → Image → Reference` తో ఫోటో పెట్టాను. స్కేలు కోసం టైరును ఎంచుకున్నాను. వెనక టైరు వెడల్పును నేలకు సమాంతరంగా కొలిస్తే 708 మి.మీ. వచ్చింది. (నిలువుగా కొలవొద్దు, నేలకు ఆనిన చోట టైరు కొద్దిగా నొక్కుకుపోయి ఉంటుంది.) 354 వ్యాసార్థంతో ఒక సర్కిల్ వేసి, టైరు అంచు దానికి సరిపోయేదాకా ఫోటోను పెంచాను. చక్కగా కూర్చుంది.

తర్వాత వెనక యాక్సిల్ నట్టు మీద ఒక పాయింటు, ముందు యాక్సిల్ నట్టు మీద ఒక పాయింటు పెట్టి మధ్య దూరం చూస్తే 1200. టేపుతో కొలిస్తే అసలు సైకిల్‌కు 1158.

42 మిల్లీమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? టేపు తప్పేమోనని మూడుసార్లు కొలిచాను. లెన్స్ అంచుల్లో వంపు ఉందేమోనని ఒక సాయంత్రమంతా ఫోటోను సరిచేసే పనిలో పడ్డాను, ఏమీ మారలేదు. వెర్నియర్ అడగడానికి లేత్ షాపుకు వెళ్లినప్పుడు అక్కడి అన్నకు ఫోన్‌లో చూపిస్తే, ఆయన నట్టు మీద వేలు పెట్టి అన్నాడు: "నువ్వు చక్రాన్ని చూసి సైజు వెట్టినవ్ తమ్మీ, నట్టును చూసి కొలిచినవ్. నట్టు నీ దిక్కు ముందటికున్నది గదా."

అంతే విషయం. టైరు సైకిల్ మధ్య తలంలో ఉంది. యాక్సిల్ చివర నట్టు ఆ తలం నుంచి దాదాపు 70 మి.మీ. నా వైపుకు పొడుచుకొచ్చి ఉంది. దగ్గరున్న వస్తువు ఫోటోలో పెద్దదవుతుంది, పెద్దదవడమంటే ఫోటో మధ్య నుంచి బయటికి జరగడం కూడా. లెక్క ఇది:

```
D = 2000   (లెన్స్ నుంచి మధ్య తలానికి)
d = 70     (మధ్య తలం నుంచి నట్టు చివరికి)
1158 × D / (D − d) = 1158 × 2000 / 1930 = 1200
```

మిల్లీమీటరు తేడా లేకుండా సరిపోయింది. బ్లెండర్‌లో దూరాన్ని బట్టి సైజు మారని ఆర్థోగ్రాఫిక్ వ్యూ పెడితే ఫోటో కూడా ఆర్థోగ్రాఫిక్ అయిపోతుందని నేను అనుకోకుండానే అనుకున్నాను. ఫోటోలో పెర్స్‌పెక్టివ్ ఎప్పుడో ఇంకిపోయి ఉంది, వ్యూ మార్చితే అది పోదు. అదే ఫోటోలో హ్యాండిల్ పిడి చివర మధ్య నుంచి 270 దూరంలో ఉంది. అక్కడ పెరుగుదల 15 శాతం దాటింది. ఆ హ్యాండిల్‌ను కూడా ఫోటో మీదే గీసేవాణ్ని.

ఇప్పటిదాకా: 3½ గంటలు. వీల్‌బేస్ తేడా 42 మి.మీ. ఫైలు పక్కన పడేశాను.

## దశ 2: దూరం జరగడం

పెర్స్‌పెక్టివ్ తగ్గాలంటే ఎంత దూరంలో నిలబడ్డాం అన్నదే ముఖ్యం, జూమ్ కాదు. జూమ్ చేసేది దూరం వెళ్లాక సైకిల్ చిన్నదైపోకుండా చూసుకోవడం మాత్రమే. 2 మీటర్ల దగ్గరే నిలబడి జూమ్ చేస్తే అదే తప్పు పెద్దగా కనిపిస్తుంది, అంతే.

పొద్దున్నే ఆరింటికి సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాను. వాకింగ్ వాళ్లు తప్ప ఎవరూ లేరు, ఎండ ఇంకా పక్కకు రాలేదు కాబట్టి గొట్టాల మీద గట్టి నీడలు లేవు. 8 మీటర్ల దూరం, 3x లెన్స్. ఈ ఫోన్‌కు ఆ దూరంలో ఫోటో వెడల్పులో సుమారు 4 మీటర్లు పడుతుంది. ఫోటో వెడల్పు 4000 పిక్సెళ్లు. అంటే ఒక పిక్సెల్‌కు దాదాపు ఒక మిల్లీమీటరు. దీనికంటే నిశితంగా ఫోటో నుంచి రాదు, ఆశించకూడదు కూడా.

మొదటి రోజు తీసినవన్నీ దండగయ్యాయి. కారణాలు మూడు, ఒక్కోదాన్ని ఎలా పట్టుకోవచ్చో చెబుతాను.

స్టాండు. ఈ సైకిళ్ల స్టాండు వేస్తే వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. నాది 35 మి.మీ. లేచింది. 1158 పొడవు మీద 35 అంటే 1.7 డిగ్రీలకు పైనే, ఫ్రేము మొత్తం ముందుకు వాలినట్టు. బ్లెండర్‌లో ఫోటోను తిప్పి సరిచేయొచ్చు కానీ, ముందు టైరు కింద 35 మందం చెక్కముక్కలు పెట్టడం తేలిక. సీటు గొట్టం పక్కన తూకం దారం వేలాడదీసి, సైకిల్ పక్కకు ఒరగలేదని కూడా చూసుకున్నాను.

నేను సూటిగా నిలబడకపోవడం. ఫోటోలో వెనక టైరు ఎత్తు 712 పిక్సెళ్లు, ముందు టైరు ఎత్తు 704. రెండూ ఒకే సైజు టైర్లు. అంటే వెనక చక్రం కెమెరాకు దగ్గరగా ఉంది. 8 పిక్సెళ్లు అంటే నవ్వొస్తుంది కానీ, 1.14 శాతాన్ని 8 మీటర్లతో గుణిస్తే 91 మి.మీ. దగ్గరగా ఉన్నట్టు. సైకిల్ నా దృష్టికి 4½ డిగ్రీలు వంకరగా ఉంది. కంటికి అసలు తెలియలేదు.

హ్యాండిల్ తిరగడం. ఇంకో ఫోటోలో రెండు టైర్ల ఎత్తులూ 708 దగ్గరే వచ్చాయి, కానీ ముందు టైరు వెడల్పు 699. ఎత్తు తగ్గకుండా వెడల్పు మాత్రమే తగ్గితే కెమెరా తప్పు కాదు, ఆ చక్రం ఒక్కటే తిరిగి ఉందన్నమాట. 699 ని 708 తో భాగిస్తే 0.987, దాదాపు 9 డిగ్రీలు. ఆ ఫోటో మీద ఫోర్కు గీస్తే వంపు తప్పుగా వస్తుంది.

రెండో రోజు ఇలా చేశాను:

1. హ్యాండిల్‌ను సూటిగా పెట్టి, పై బార్‌కు తాడుతో బిగించి కట్టాను.
2. నవారు తాడు ఒక కొస వెనక యాక్సిల్‌కు, ఇంకో కొస ముందు యాక్సిల్‌కు కట్టాను. తాడు సరిగ్గా సగం దగ్గర ముడి వేశాను.
3. ముడిని పట్టుకుని, రెండు వైపులా తాడు బిర్రుగా అయ్యేదాకా వెనక్కి నడిచాను. రెండు పాయలూ సమానం కాబట్టి ముడి ఉన్న చోటు సైకిల్ మధ్యకు ఎదురుగా పడుతుంది. అక్కడ సుద్దతో గీత.
4. బోర్లించిన బకెట్ మీద ఫోన్, లెన్స్ నేల నుంచి 56 సెం.మీ. ఎత్తులో. ఇది పెడల్ యాక్సిల్‌కూ పై బార్‌కూ మధ్య ఎత్తు.
5. స్క్రీన్ మీద గ్రిడ్ గీతలు ఆన్ చేసి, గ్రిడ్ నడిమధ్య సైకిల్ నడిమధ్యకు వచ్చేలా తిప్పాను.
6. తాడు విప్పి, ఫోటో తీసి, అక్కడే పెద్దది చేసి నాలుగు కొలతలు చూశాను: రెండు టైర్ల ఎత్తు, రెండు టైర్ల వెడల్పు.

ఏడో ఫోటోకు నాలుగూ 707 నుంచి 709 మధ్య వచ్చాయి. ఆ పరీక్ష అక్కడే చేసుకోవడం ముఖ్యం. ఇంటికొచ్చాక చూస్తే మళ్లీ ఆరింటికి లేవాలి.

ఇప్పటిదాకా: 8½ గంటలు, 41 ఫోటోలు, పనికొచ్చింది ఒకటి.

## దశ 3: ఫోటోను కూర్చోబెట్టడం

8 మీటర్ల ఫోటోలోనూ నట్టు నుంచి నట్టుకు కొలిస్తే 1168 వస్తుంది, ఇంకా 10 ఎక్కువ. ఇక ఎంత దూరం వెళ్లినా ఇది పూర్తిగా పోదు. కాబట్టి నట్టును వదిలేశాను. టైరు అంచు మీద సర్కిల్ సరిపెట్టి, ఆ సర్కిల్ కేంద్రాన్నే యాక్సిల్ అనుకున్నాను. టైరు మధ్య తలంలోనే ఉంది కాబట్టి దాని కేంద్రం జరగదు. ఇలా చేస్తే వీల్‌బేస్ 1160. టేపుతో 2 మి.మీ. తేడా. దీన్ని ఒప్పుకున్నాను.

చేసిన వరుస:

1. 354 వ్యాసార్థంతో సర్కిల్, రెండో సర్కిల్ దానికి 1158 దూరంలో. ఇవి కదలవు, టేపు కొలతలు ఇవే.
2. 3D కర్సర్‌ను వెనక సర్కిల్ కేంద్రంలో పెట్టి, పివట్‌ను `3D Cursor` కు మార్చాను.
3. ఫోటోను జరిపి వెనక టైరు సరిపెట్టి, `S` తో పెంచి, `R` తో కొద్దిగా తిప్పి ముందు టైరు సరిపెట్టాను.
4. ఫోటో ప్రాపర్టీల్లో `Depth` ను `Back` కు, `Opacity` ని 0.5 కు మార్చి, `Only Axis Aligned` టిక్ పెట్టాను. వ్యూ కొంచెం తిప్పితే ఫోటో మాయమవుతుంది. తిప్పిన వ్యూలో పొరపాటున పాయింట్లు పెట్టకుండా ఇదే కాపాడింది.
5. చివరికి సైకిల్ మొత్తాన్నీ జరిపి, పెడల్ యాక్సిల్ ఉండే బాటమ్ బ్రాకెట్ కేంద్రాన్ని (ఇక ముందు బీబీ అంటాను) సున్నా దగ్గర పెట్టాను.

ఒక చిన్న మాట. చైను వైపు నుంచి తీసిన ఫోటోలో సైకిల్ ముఖం కుడి వైపుకు ఉంటుంది. దాన్ని `Numpad 3` లో పెడితే సైకిల్ +Y వైపు చూస్తుంది. అప్పుడు బ్లెండర్ "ముందు" అని చెప్పే `Numpad 1` లో కనిపించేది సైకిల్ వెనక భాగం. వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే సన్న గొట్టాలను, అంటే ఎడమ కుడి స్టేలను, తారుమారు చేసి అరగంట పోగొట్టుకున్నది ఇక్కడే.

ఇప్పటిదాకా: 10½ గంటలు. వీల్‌బేస్ తేడా 2 మి.మీ.

## దశ 4: గొట్టాలు

గొట్టం అంచుల వెంట గీయొద్దు. ఒక అంచున వెలుగు, ఇంకో అంచున నీడ, పైగా పాత పెయింటు మసక. అంచులు రెండూ చూసి మధ్య గీతను పట్టుకుని, లావు మాత్రం వెర్నియర్ నుంచి తీసుకోవాలి. వెర్నియర్‌లో సీటు గొట్టం, కింది గొట్టం 28.9, పై బార్ 25.7 చూపించాయి. పెయింటు తీసేస్తే 28.6, 25.4, అంటే మొదటిది అంగుళం మీద పావులో సగం, రెండోది సరిగ్గా అంగుళం. పాత ఇంగ్లిష్ సైజులే.

`Shift+A → Curve → Bezier`, రెండు పాయింట్లు, రెండింటి హ్యాండిళ్లూ `V → Vector` చేస్తే సూటి గీత. తర్వాత `Geometry → Bevel → Depth` లో లావు.

ఇక్కడ రెండు తప్పులు చేశాను. మొదటిది, `Depth` లో 28.6 ఇచ్చాను. అది వ్యాసార్థం. 57 మి.మీ. గొట్టం వచ్చింది, కనిపించగానే తెలిసింది కాబట్టి నష్టం లేదు. రెండోది దొంగ తప్పు. కింది గొట్టాన్ని ఆబ్జెక్ట్ మోడ్‌లో `S` తో కొద్దిగా లాగి పొడవు సరిచేశాను, స్కేలు 1.09 అయింది. బెవెల్ కూడా దాంతోపాటు పెరుగుతుంది, గొట్టం 31.2 అయింది. కంటికి బాగానే ఉంది. రెండు రోజుల తర్వాత గొట్టాలు కలిసే చోట తొడిగే లగ్గు వేయబోతే గొట్టం లోపలికి పట్టలేదు. `Ctrl+A → Scale` కొట్టి, ఎడిట్ మోడ్‌లో రెండు పాయింట్ల `Radius` ను మళ్లీ 1 చేస్తే తప్ప సరికాలేదు.

అందుకే చేతితో గీయడాన్ని పాయింట్లు ఎక్కడున్నాయో చూసుకోవడానికే వాడి, అసలు గొట్టాలను అంకెలతో వేశాను:

```python
import bpy
def tube(name, a, b, dia):          # mm
    c = bpy.data.curves.new(name, 'CURVE')
    c.dimensions = '3D'
    c.bevel_depth = dia / 2000
    s = c.splines.new('POLY')
    s.points.add(1)
    for p, q in zip(s.points, (a, b)):
        p.co = (q[0]/1000, q[1]/1000, q[2]/1000, 1)
    o = bpy.data.objects.new(name, c)
    bpy.context.collection.objects.link(o)

tube("seat", (0, 0, 0), (0, -209, 518), 28.6)
```

సీటు గొట్టం బీబీ నుంచి వెనక్కి 209, పైకి 518. పొడవు 559, అంటే 22 అంగుళాలు. కోణం 68 డిగ్రీలు. ఫోన్‌ను అసలు గొట్టానికి ఆనించి లెవెల్ యాప్‌లో చూస్తే అదే 68. ఫోటోలో నుంచి వచ్చిన అంకె బయట సరిపోవడం ఇదే మొదటిసారి, ఆ రోజు ఇంకేం చేయబుద్ధి కాలేదు.

గీసేటప్పుడు చేయి ఒక పని చేయాలని చూస్తుంది: అన్ని గొట్టాల కొసలనూ ఒకే పాయింటులో కలపడం. సీటు గొట్టం, కింది గొట్టం రెండింటి మధ్య గీతలూ బీబీ కేంద్రం గుండా పోతాయి, అక్కడ కలపొచ్చు. హ్యాండిల్ కింది హెడ్ గొట్టం దగ్గర మాత్రం పై బార్, కింది గొట్టం వేర్వేరు ఎత్తుల్లో కలుస్తాయి. లగ్గు రెండింటినీ కప్పేసి ఉంటుంది కాబట్టి ఫోటోలో ఒకటే చోటులా అనిపిస్తుంది. లగ్గుకు అవతల కనిపించే గొట్టాన్ని చూసి గీతను లోపలికి పొడిగించాలి. సీట్ స్టేలు అసలు సీటు గొట్టం మధ్యకు రానే రావు, దాని రెండు చెంపలకు అంటుకుంటాయి.

ఇప్పటిదాకా: 14½ గంటలు. గొట్టాలు అయ్యాయి, స్టేలు మిగిలాయి.

## దశ 5: పై నుంచి చూపు, గ్రాఫ్ పేపరు

స్టేలు పక్కలకు విచ్చుకునేది పై నుంచి, వెనక నుంచి చూస్తేనే తెలుస్తుంది. పక్క ఫోటో పనిచేసింది కదా అని ముందు నుంచి కూడా 8 మీటర్ల దూరంలో ఒకటి తీసి చూశాను. పనికిరాదు. పక్క నుంచి చూస్తే ఫ్రేము లోతు వంద మిల్లీమీటర్ల పైచిలుకు. ముందు నుంచి చూస్తే లోతు మీటరు దాటుతుంది. ముందు యాక్సిల్ 8 మీటర్ల దగ్గరుంటే వెనకది 9.16 మీటర్ల దగ్గర, అంటే వెనక భాగం 87 శాతం సైజులో కనిపిస్తుంది. ఏ స్కేలు పెట్టినా ఒక కొస తప్పే.

కాబట్టి ఫోటో మానేసి, చక్రం తీసి సైకిల్‌ను బోర్లించి, రెండు చైన్ స్టేల మధ్య దూరాన్ని ప్రతి 50 మి.మీ.కి వెర్నియర్‌తో కొలిచి గ్రాఫ్ పేపరు మీద సగం సైజులో గీశాను. స్టేల మధ్య గీతలు బీబీ దగ్గర 52 ఎడంగా మొదలై, యాక్సిల్ దగ్గర 116 కు విచ్చుకున్నాయి. మధ్యలో టైరు తగలకుండా చిన్న నొక్కు.

ఆ పేపరును జెరాక్స్ సెంటర్‌లో స్కాన్ చేయించాను. స్కానర్‌కు పెర్స్‌పెక్టివ్ బాధ లేదు, నిశ్చింతగా `Numpad 7` లో పెట్టాను. గ్రాఫ్ గీతల మీద 200 ఉండాల్సింది 194 వచ్చింది. పేజీకి సరిపెట్టే సెట్టింగ్ ఏదో ఆన్‌లో ఉండి మూడు శాతం కుంచించింది. తెల్ల కాగితం మీద గీసి ఉంటే ఇది దొరికేది కాదు. కాగితం మీదే గళ్లుంటే కొలబద్ద దాంట్లోనే ఉంటుంది. స్కాన్‌ను గళ్లకు సరిపోయేలా పెంచాను, అంతే.

చైన్ స్టే బీబీ దగ్గర 22 లావు, యాక్సిల్ దగ్గర 15. కర్వ్ చివరి పాయింటు `Radius` ను 0.68 చేస్తే అంత సన్నబడుతుంది. పక్క వ్యూలో స్టే పొడవు 470. పక్కకు 32 విచ్చుకున్నాక అసలు పొడవు 471.1. ఇంత చిన్న తేడా కోసం ఎందుకు అనొచ్చు. మోడల్‌కు అక్కర్లేదు, ఎవరైనా ఈ కొలతతో పైపు కోయాలనుకుంటే మాత్రం 3డీలో కొలిచిన పొడవే తీసుకోవాలి.

మొత్తం: 18 గంటలు. వీల్‌బేస్ తేడా 2, సీటు కోణం తేడా లేదు, పై బార్ పొడవులో 1 మి.మీ. తక్కువ.

ఫోర్కు ఇంకా కుదరలేదు. వంపు తిరిగే చోటును మడ్‌గార్డు పుల్లలు, బ్రేక్ రాడ్డు కప్పేశాయి, అక్కడ నేను ఊహించి పెట్టిన పాయింట్ల వల్ల కింది కొస యాక్సిల్‌కు 3 మి.మీ. పైన ఆగింది. కొసను లాగి అతికించాలనిపించింది కానీ లాగితే వంపు చెడుతుంది. ఆదివారం బాపు సైకిల్ వదిలితే మడ్‌గార్డు విప్పి, ఫోర్కును ఒక్కదాన్నే గ్రాఫ్ పేపరు మీద పడుకోబెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీస్తాను.